ప్లంబింగ్ కాంట్రాక్టర్‌కు ఫైనల్ పేమెంట్ ముందు ఉత్తరంలో ఏం అడగాలి?

“పని అయిపోయింది, మిగిలిన డబ్బు ఇవ్వండి” అంటున్నారు. ఫిటింగ్‌ల వివరాలు, ప్రెషర్ టెస్ట్ రాతపూర్వకంగా ఎలా అడగాలి?

టైల్స్ వేయకముందే ఉత్తరం ఇవ్వండి. గోడ మూశాక లీకు దొరికితే పగలగొట్టే ఖర్చెవరిదన్న గొడవ మొదలవుతుంది. ఇలా రాయండి:

“కాంట్రాక్టర్ గారికి, వాడిన పైపులు, ఫిటింగ్‌ల కంపెనీ, సైజు, ప్రెషర్ క్లాసు, సాల్వెంట్ సిమెంట్ రకం గది వారీగా రాసి, బిల్లుల నకళ్లు జతచేయండి. నా సమక్షంలో నీటితో ప్రెషర్ టెస్ట్ చేసి, మొదటి, చివరి రీడింగులు రాసి సంతకం చేయండి. రెండూ అందాక మిగిలిన సొమ్ము చెల్లిస్తాను.”

టెస్ట్ ఒత్తిడి ఎంతో కూడా ఉత్తరంలో రాయండి. “టెస్ట్ చేయాలి” అని వదిలేస్తే మోటారు ఆన్ చేసి చూపించి అయిందంటారు. లైన్‌లో పంపు 3 బార్ ఇస్తుంటే దానికి 1.5 రెట్లు, అంటే కనీసం 4.5 బార్ పెట్టాలి. పైపు కంపెనీ ఎక్కువ చెబితే అదే పాటించాలి. గీజర్, మిక్సర్లు విడదీసి ఎండ్ ప్లగ్‌లు బిగించి, గాలంతా పోయేదాకా నీళ్లు నింపాలి. గాలి మిగిలితే చిన్న లీకున్నా ప్రెషర్ గేజ్ ముల్లు వెంటనే దిగదు. రెండు గంటలు ఉంచండి. నీరు చల్లబడినా ముల్లు కొద్దిగా దిగుతుంది కానీ ఒకచోట ఆగుతుంది. ఆగకుండా దిగుతూనే ఉంటే లీకే. ముందుగా కుళాయిల దగ్గరి మర జాయింట్లు టిష్యూతో తుడిచి చూడండి.

ప్లాస్టిక్ పైపుల్లో గాలితో టెస్ట్ మాత్రం ఒప్పుకోవద్దు, పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి.