పండగ బట్టలకి గిఫ్ట్ బిల్లు, ఎక్స్చేంజ్ గడువు: ఎలా రాయించుకోవాలి?

"హైదరాబాదులో ఉంటాం. సంక్రాంతికి అమలాపురం వెళ్తూ మా ఆడపడుచు వాళ్ళకీ పిల్లలకీ బట్టలు తీసుకెళ్దామనుకుంటున్నాను. షాపులో బిల్లు వెనక '7 రోజుల్లో ఎక్స్చేంజ్, బిల్లు తప్పనిసరి' అని ఉంటుంది. సైజు కుదరకపోతే వాళ్ళు ఎలా మార్చుకోవాలి? ధర కనపడకుండా బిల్లు ఇస్తారా? ఏయే వస్తువులకి అలాంటి బిల్లు కావాలి?"

నేను రాజమండ్రిలో ఒక బట్టల షోరూంలో బిల్లింగు, ఎక్స్చేంజ్ కౌంటరు చూస్తుంటానండీ. కనుమ అయిన మర్నాటి నుంచి మా కౌంటరు ముందు నిలబడేవాళ్ళలో చాలామంది మీ ఆడపడుచు గారి పరిస్థితిలో ఉన్నవాళ్ళే. చొక్కా బిగుతుగా ఉంది, బిల్లు హైదరాబాదులో ఉంది, గడువు దాటింది. మాకు ఇష్టం లేక కాదు, కంప్యూటర్లో గడువు దాటిన బిల్లు మామూలుగా ఓపెన్ అవదు, మేనేజరు వచ్చి పాస్‌వర్డ్ కొట్టాలి, ఆ రద్దీలో ఆయన దొరకడమే కష్టం. అందుకే ఈ పనంతా కొనేటప్పుడు, డబ్బు కట్టకముందే చేసుకోవాలని చెప్తాను.

ముందు ఆ 7 రోజుల సంగతి. అది బిల్లు తేదీ నుంచి లెక్క, మీరు ఇచ్చిన రోజు నుంచి కాదు. 2026 సంక్రాంతినే తీసుకోండి. జనవరి 3 శనివారం కొన్నారనుకుందాం, 10వ తేదీతో గడువు అయిపోయింది. భోగి 14న. అంటే మీ ఆడపడుచు కవరు విప్పకముందే ఎక్స్చేంజ్ హక్కు పోయింది. పైగా చాలా షాపుల్లో కౌంటరు మీద ఇంకో చిన్న బోర్డు ఉంటుంది, శని ఆదివారాల్లో, పండగ ముందు రోజుల్లో ఎక్స్చేంజ్ లేదని, లేకపోతే మధ్యాహ్నం పూట మాత్రమే చేస్తామని. కనుమ 16 శుక్రవారం, ఆ తరవాత శని ఆదివారాలు. కాబట్టి మీకు కనీసం 20 దాకా గడువు కావాలి, 25 అయితే ఇంకా నయం.

ఇది అడిగితే ఇస్తారు, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు. బిల్లు వేయించేముందు ఫ్లోర్ మేనేజర్ని పిలిచి "పండగకి పెట్టే బట్టలండీ, ఊళ్ళో ఇస్తాం, 25 దాకా సైజు మార్చేట్టు రాసివ్వండి" అని చెప్పండి. నోటిమాటతో వదలొద్దు. ఆ రోజు సరేనన్న మనిషి మీరు వెళ్ళే రోజుకి సెలవులో ఉంటాడు. మేము రాసిచ్చేది ఇలా ఉంటుంది: "పండగ కానుక. 25-01-2026 వరకు సైజు లేదా రంగు మార్పు చేయబడును. ఈ స్లిప్పు చూపితే చాలు. ట్యాగు ఉండాలి." కింద బిల్లు నంబరు, షాపు సీలు, సంతకం. ఇందులో "ఈ స్లిప్పు చూపితే చాలు" అన్న ముక్క చాలా ముఖ్యం. అది లేకపోతే కౌంటర్లో కుర్రాడు వెనక అచ్చేసిన "ఒరిజినల్ బిల్లు తప్పనిసరి" అన్న మాట పట్టుకుని కూర్చుంటాడు, వాడి తప్పు కూడా కాదు. తేదీని "పండగ తరవాత వారం" అని కాకుండా అంకెల్లో రాయించండి.

మీరడిగిన ధర లేని బిల్లు ఇదే. పెద్ద షోరూముల్లో సాఫ్ట్‌వేర్ నుంచే గిఫ్ట్ బిల్లు ప్రింటు వస్తుంది, వస్తువు పేరు, బార్‌కోడు, బిల్లు నంబరు ఉంటాయి, రేటు ఉండదు. చిన్న షాపుల్లో అలాంటిది ఉండదు, చేత్తో రాసిన స్లిప్పే గిఫ్ట్ బిల్లు. రెండూ పనిచేస్తాయి, ఎందుకంటే మాకు కావలసింది బిల్లు నంబరూ ట్యాగు మీద బార్‌కోడూ, మిగతాదంతా సిస్టంలో ఉంటుంది. ఒక మనిషికి ఒక స్లిప్పు తీసుకోండి. అందరివీ ఒకే కాగితం మీద ఉంటే ఆడపడుచుకి ఏం కొన్నారో తోడికోడలికి తెలిసిపోతుంది, ఇంక మీ పండగ ఎలా ఉంటుందో మీకే తెలుసు. వీలైతే బిల్లులే వేరువేరుగా వేయించండి.

ట్యాగు దగ్గర అందరూ పొరపాటు పడతారు. ధర కనపడకూడదని ట్యాగు మొత్తం కత్తిరించి పారేస్తారు, దాంతో స్లిప్పు ఉన్నా ఎక్స్చేంజ్ అవదు. చాలా బ్రాండ్ల ట్యాగుల్లో ధర ఉన్న కింది ముక్కకి పైన చిల్లుల గీత ఉంటుంది, అక్కడివరకు చించుకోవచ్చు, బార్‌కోడు పై ముక్కలో ఉండిపోతుంది. ముందు తిప్పి చూడండి, కొన్నిట్లో బార్‌కోడూ ధరా ఒకే స్టిక్కరు మీద ఉంటాయి. అలాంటివాటికి కౌంటర్లో అడిగితే ధర మీద మాత్రం తెల్ల స్టిక్కరు అంటించి ఇస్తాం. ఇంట్లో పెన్నుతో కొట్టేస్తే బార్‌కోడు గీతల మీదకి సిరా పోయి స్కాన్ అవదు.

ఇప్పుడు మీ విషయంలో అసలు చిక్కు చెప్తాను. మీరు హైదరాబాదులో కొంటున్నారు, మార్చుకునేది కోనసీమ నుంచి. అదే పేరున్న షోరూం రాజమండ్రిలోనో కాకినాడలోనో ఉన్నా, తెలంగాణ బిల్లుకి ఆంధ్రాలో ఎక్స్చేంజ్ చాలా చోట్ల కాదంటారు. ఒక్కో రాష్ట్రానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ వేరు, స్టాకు వేరు, లెక్క కలవదు. కొన్ని పెద్ద బ్రాండ్లు దేశమంతా మారుస్తాయి. కాబట్టి "ఏ బ్రాంచిలోనైనా" అని బిల్లు మీద ఉందా, "కొన్న షోరూంలోనే" అని ఉందా చూడండి, ఏమీ లేకపోతే కొన్న చోటే అనుకోండి. నన్నడిగితే సైజు అనుమానం ఉన్నవి, అంటే పిల్లల బట్టలు, మగవాళ్ళ ప్యాంట్లు, చెప్పులు, ఇవి దారిలో రాజమండ్రిలోనో అమలాపురంలోనో కొనుక్కోండి. చీరలు, పంచెలు హైదరాబాదులో తీసుకోండి.

ఇంకొకటి, ఆఫర్లో కొన్నవి కానుకగా ఇస్తే కొంచెం ఆలోచించండి. పోయిన పండగకి ఒకాయన బావగారు ఇచ్చిన చొక్కా తెచ్చారు, ట్యాగు మీద 1,500. దాని బదులు వేరే 1,500 చొక్కా తీసుకుని కౌంటరుకొస్తే సిస్టంలో పాత చొక్కా విలువ 1,000 అని చూపించింది, ఎందుకంటే అది రెండు కొంటే ఒకటి ఫ్రీ ఆఫర్లో కొన్నది. మూడు చొక్కాలకి కట్టింది 3,000, కంప్యూటరు ఒక్కోదానికి 1,000 చొప్పున పంచుతుంది. 500 పైన కట్టమంటే ఆయనకి కోపం వచ్చింది, అంతకన్నా ముఖ్యంగా ఆఫర్లో కొని ఇచ్చారన్న సంగతి బయటపడింది. అదే చొక్కాలో సైజు మాత్రం మార్చుకుంటే ఈ గొడవ రాదు, తేడా కట్టక్కర్లేదు. ఆఫర్ సరుక్కి కొన్ని షాపులు అసలు ఎక్స్చేంజే ఇవ్వవు, బిల్లు వేయించేముందు అడిగి తెలుసుకోండి.

మార్చడానికి సరైనది దొరక్కపోతే డబ్బు వెనక్కి ఇవ్వరు, క్రెడిట్ నోటు ఇస్తారు. దాని మీద గడువు ఉంటుంది, షాపుని బట్టి నెలల్లో ఉంటుంది, చూసుకోండి. ఎక్కడైనా డబ్బు వెనక్కి ఇచ్చినా అది కట్టిన కార్డుకో యూపీఐకో వెళ్తుంది, అంటే మీకే వస్తుంది గానీ ఆడపడుచుకి కాదు. ఆన్‌లైన్లో కూడా అంతే, రిటర్న్ పెట్టాల్సింది ఆర్డరు చేసిన అకౌంటులోంచి, గడువు డెలివరీ అయిన రోజు నుంచి. ముందే తెప్పించి బీరువాలో పెడితే అక్కడా ఇదే సమస్య.

ఇక దేనికి గిఫ్ట్ బిల్లు కావాలంటే, సైజున్న ప్రతిదానికీ కావాలి. చీరకి స్లిప్పు తీసుకోండి, కానీ ఫాల్ కుట్టించి, పీకో చేయించి పెడితే, లేక జాకెట్టు ముక్క కత్తిరిస్తే ఇంక ఎవరూ తీసుకోరు. ఆ పని వాళ్ళకి నచ్చాక వాళ్ళే చేయించుకుంటారు, కుట్టుకూలి డబ్బులు కవర్లో పెట్టండి. లోపలి బట్టలకి, సెంటు సీసాలకి స్లిప్పు ఉన్నా ఉపయోగం లేదు, ఎక్స్చేంజ్ ఉండదు. మిక్సీ, ఫోను లాంటివాటికి మాత్రం ధర లేని స్లిప్పు సరిపోదు. వారంటీకి కొన్న తేదీ, సీరియల్ నంబరు ఉన్న అసలు బిల్లు అడుగుతారు, దాని ఫొటో పంపించెయ్యండి, ధర తెలిసినా తప్పదు. బంగారం కూడా అంతే, అసలు బిల్లు కానుకతో పాటే వెళ్ళాలి, తరవాత మార్చుకునేటప్పుడు బరువు, తరుగు అన్నీ దాన్నే చూసి లెక్క కడతారు.

ఒక్కటి మాత్రం కలిపెయ్యొద్దు. పైన చెప్పినదంతా సైజు కుదరలేదనో, రంగు నచ్చలేదనో మార్చుకునే సంగతి, అది షాపువాళ్ళ ఇష్టం, వాళ్ళు ఎన్ని రోజులంటే అన్ని రోజులు. చీరలో పోగు ఊడిపోయి చిరుగు ఉంటే, జిప్పు పనిచేయకపోతే అది లోపం, అక్కడ లెక్క వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా తెస్తే వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికొస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడకి బోర్డు పెట్టినంత మాత్రాన లోపం ఉన్న సరుక్కి అది చెల్లదు. ముందు మేనేజరుతో మాట్లాడండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోను చేయొచ్చు, అప్పుడు మాత్రం స్లిప్పు కాదు, అసలు బిల్లే కావాలి. బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి.

స్లిప్పులో ఏం రాయించాలో ఇంకా అనుమానముంటే, షాపువాళ్ళు ఇచ్చిన బిల్లు వెనకవైపు ఫొటో, మీ ఫోను నంబరు కనపడకుండా చేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.