ఎపిక్‌ని స్క్రీన్లుగా విడగొట్టకండి, తూకం కాటా దగ్గరికి వెళ్లి విడగొట్టండి

ప్రశ్న: ఎపిక్‌ని ఫీచర్లుగా, చిన్న యూజర్ స్టోరీలుగా ఎలా విడగొట్టాలి? ఆన్‌లైన్ కిరాణా యాప్ ఉదాహరణతో ఎవరైనా చెప్పగలరా?

నేను చూసేది ఒక్కటే. ఈ స్టోరీ పూర్తయితే రేపు ఉదయం ఎవరు, నిన్నటిదాకా చేయలేని ఏ పని చేయగలుగుతారు? దీనికి జవాబు లేకపోతే అది యూజర్ స్టోరీ కాదు, డెవలపర్ల మధ్య పంచుకున్న పని మాత్రమే.

విజయవాడ పటమటలో ఒక పెద్ద కిరాణా షాపు కోసం యాప్ కడుతున్న టీమ్‌లో బిజినెస్ అనలిస్ట్‌గా పనిచేశాను. ఎపిక్ పేరు 'ఇంటి నుంచే సరుకులు ఆర్డర్ చేయడం'. దాని కింద ఫీచర్లు బాగానే ఉన్నాయి: సరుకులు వెతకడం, కార్ట్, చెల్లింపు, ప్యాకింగ్, డెలివరీ. అసలు గొడవ వాటి కింద ఉంది. నేను చేరేనాటికి కార్ట్ ఫీచర్‌ని 'కార్ట్ స్క్రీన్', 'కార్ట్ ఏపీఐ', 'కార్ట్ టేబుల్' అని మూడు స్టోరీలుగా రాసి పెట్టారు. స్ప్రింట్ ఆఖరున స్క్రీన్, టేబుల్ రెండూ డన్ కాలమ్‌లోకి వెళ్లాయి, ఏపీఐ మిగిలింది. బోర్డు చూస్తే చాలావరకు అయిపోయినట్టే ఉంది, కానీ షాపు ఓనర్ ఒక్క ఉప్పు ప్యాకెట్ కూడా కార్ట్‌లో వేసుకోలేరు. పొరల వారీగా విడగొడితే జరిగేది ఇదే. మూడూ కలిస్తే తప్ప ఏదీ పనికిరాదు, చివరి పొర ఆలస్యమైతే ముందు రెండిటి ఖర్చూ అలా ఉండిపోతుంది.

అందుకే మొదటి స్టోరీ అన్ని పొరల గుండా వెళ్లాలి, కానీ చాలా సన్నగా ఉండాలి. మాకు అది ఇలా కుదిరింది: పటమటలో ఉండే కస్టమర్, ప్యాకెట్ సరుకుల చిన్న జాబితా నుంచి ఎంచుకుని, క్యాష్ ఆన్ డెలివరీలో ఆర్డర్ పెట్టగలగాలి. వెతికే పెట్టె లేదు, కూపన్ లేదు, లాగిన్ బదులు ఫోన్ నంబర్ మాత్రమే. ఆర్డర్ కౌంటర్‌లోని ట్యాబ్‌లో కనిపిస్తే చాలు. అది నడిచాక బెంజ్ సర్కిల్ వైపు ఏరియాలు చేర్చడం ఒక స్టోరీ, యూపీఐ ఇంకో స్టోరీ.

ఇక కూరగాయల సంగతి. బ్యాక్‌లాగ్‌లో 'కస్టమర్‌గా నేను కూరగాయలు కిలోల్లో ఆర్డర్ చేయాలి, అప్పుడు మార్కెట్‌కి వెళ్లే పని తప్పుతుంది' అని ఒకే ఒక్క కార్డు ఉండేది. టీమ్ దానికి పెద్ద అంచనా వేసి, ఎక్కడ విడగొట్టాలో తెలియక పక్కన పెట్టింది. నేను షాపుకి వెళ్లి కాటా దగ్గర నిలబడ్డాను. అక్కడ తూకం వేసే పెద్దాయనని "బాబాయ్, కిలో వంకాయలు ఆర్డర్ వస్తే ఏం చేస్తావు?" అని అడిగాను. "సరిగ్గా కిలో ఎక్కడ పడుతుంది బాబూ? ఒకటి తీస్తే తొమ్మిది వందల యాభై, ఒకటి వేస్తే కిలో ముప్పై. కాయని కోసి ఇవ్వలేను కదా!" అన్నాడు. ఆ ఒక్క మాటతో కార్డు ఎక్కడ విడగొట్టాలో తెలిసిపోయింది.

కిలో 40 రూపాయలు అనుకోండి. 950 గ్రాములు వస్తే బిల్లు 38 రూపాయలు, 1,030 గ్రాములు వస్తే 41 రూపాయల 20 పైసలు. క్యాష్ ఆన్ డెలివరీ అయితే చివరి బిల్లు చూపిస్తే సరిపోతుంది. యూపీఐలో 40 ముందే కట్టేస్తే ఎక్కువైన రూపాయి ఇరవై ఎలా వసూలు చేయాలి, తక్కువైన రెండు రూపాయలు ఎలా వెనక్కివ్వాలి? ఇవన్నీ ఆ ఒక్క కార్డులోనే దాక్కుని ఉన్నాయి. అంచనా పెద్దగా వచ్చింది అందుకే.

మొదటి ముక్కలో అసలు ఈ సమస్యే లేకుండా చేశాం. వంకాయలు, టమాటాలు షాపులోనే ముందుగా తూచి, ప్రతి సంచి మీద దాని అసలు బరువు, ధర రాసి పెడతారు. కస్టమర్ ఆ సంచినే ఎంచుకుంటారు. యాప్‌కి అది కూడా ఉప్పు ప్యాకెట్ లాంటిదే, కోడ్‌లో దాదాపు కొత్తేమీ లేదు. రెండో ముక్కలో కస్టమర్ కిలో అని అడగవచ్చు, ప్యాకింగ్ చేసేవాళ్లు అసలు బరువు ట్యాబ్‌లో కొడతారు, బిల్లు మారుతుంది. కానీ క్యాష్ ఆన్ డెలివరీకి మాత్రమే. దీని అంగీకార షరతులు అంకెలతోనే రాశాం: కిలో అడిగి 950 గ్రాములు వస్తే 38, 1,030 వస్తే 40 మాత్రమే. అడిగినదానికంటే ఎక్కువ బరువు పడితే ఆ ఎక్కువకి డబ్బు తీసుకోకూడదు అన్నది ఓనర్ గారి నిర్ణయం. ఆ ఒక్క నియమంతో యూపీఐ స్టోరీలో సగం బరువు తగ్గిపోయింది. ఇక అదనంగా వసూలు చేసే సందర్భమే రాదు, తేడా వెనక్కివ్వడం మాత్రమే మిగిలింది. అది మూడో ముక్క.

వ్యాపార నియమం తేలకుండా స్టోరీని విడగొట్టడానికి కూర్చోవడం దండగ అని నేను గట్టిగా నమ్ముతాను. మీటింగ్ రూమ్‌లో గంటలు గంటలు పోతాయి. ఓనర్‌ని ఒక్క ప్రశ్న అడిగితే సగం స్టోరీలు ఎగిరిపోతాయి.

ఇంటర్వ్యూల గురించీ చెప్పాలి. మంచి స్టోరీ ఎలా ఉండాలో గుర్తుపెట్టుకోవడానికి వాడే ఇన్వెస్ట్ అనే ఆరు ఇంగ్లిష్ అక్షరాలు అప్పజెప్పమంటారు. బిల్ వేక్ 2003లో రాసిన మంచి గుర్తులవి, నాకు గౌరవమే. కానీ కోచింగ్‌లో వాటిని వల్లె వేయించి వదిలేస్తున్నారు, ఒక్క పెద్ద కార్డు ఇచ్చి విడగొట్టమని అడగరు. టూల్స్ సంగతీ అంతే. అజూర్ డెవాప్స్‌లో అజైల్ ప్రాసెస్ ఎంచుకుంటే ఎపిక్, ఫీచర్, యూజర్ స్టోరీ అని మెట్లు ఉంటాయి. జిరాలో మామూలుగా ఎపిక్ కింద నేరుగా స్టోరీయే, ఫీచర్ మెట్టు కావాలంటే విడిగా ఏర్పాటు చేసుకోవాలి. మెట్టు కనిపించింది కదా అని దాన్ని నింపడానికే ఫీచర్లు పుట్టించే వాళ్లని చాలామందిని చూశాను. మూడు స్టోరీల ఎపిక్‌కి ఫీచర్ మెట్టు అక్కర్లేదు.

అతిగా చిన్నవి చేయడం కూడా తప్పే. 'బరువు టైప్ చేసే పెట్టె' ఒక స్టోరీ, 'సేవ్ బటన్' ఇంకో స్టోరీ అంటే వాటిని విడివిడిగా ఎవరికీ చూపించలేరు. ఒకటి లేకుండా రెండోది విడుదల చేయలేకపోతే రెండింటినీ కలిపేయండి. అలాగే కాటాని బ్లూటూత్‌తో ట్యాబ్‌కి కలపగలమా అన్నది ఎవరికీ తెలియనప్పుడు దాన్ని స్టోరీగా అంచనా వేయకండి. రెండు రోజుల గడువు పెట్టి ఒకరిని పరిశీలించమనండి, తర్వాత రాసుకోవచ్చు. పేమెంట్ గేట్‌వే కంపెనీకి ఇచ్చే కేవైసీ కాగితాలు యూజర్ స్టోరీ కాదు, కానీ మూడో ముక్క దానిమీదే ఆగుతుంది. కాబట్టి మొదటి ముక్క మొదలైన రోజే ఆ పని ఎవరికైనా అప్పగించండి.

ఆకుకూరలు ఇందులో కలపకండి. అవి కట్టల లెక్క, తూకం తేడా లేదు, కాబట్టి మొదటి ముక్కతోనే అమ్మకానికి పెట్టేయొచ్చు. గోంగూర అయిపోతే తోటకూర పంపాలా, ఫోన్ చేసి అడగాలా, డబ్బు వెనక్కివ్వాలా అన్నది మాత్రం తూకంతో సంబంధం లేని వేరే స్టోరీ. దాన్ని ప్యాకింగ్ ఫీచర్ కింద పెట్టుకోండి. మొదట్లో ఫోన్ చేసి అడగడమే సరిపోతుంది.