ఫైనల్ ఫైళ్లు పంపేశారు, డబ్బు రాలేదు. కార్డు మీద క్యాష్ తీయకండి

ప్రశ్న: నేను ఇంటి నుంచే డిజైన్ పనులు చేస్తాను. 80,000 రూపాయల పని పూర్తి చేసి క్లయింటుకు ఈ మెయిల్ పెట్టాను: ‘సార్, ఫైనల్ వర్క్ పంపించాను, ఫైల్ మొత్తం ఉన్నాయి చూడండి. పేమెంట్ ఎప్పుడు వస్తాయో కన్ఫర్మ్ చెయ్యండి.’ మూడు వారాలైంది, జవాబు లేదు. నెల ఖర్చు 32,000. క్రెడిట్ కార్డుతో 40,000 క్యాష్ తీద్దామనుకుంటున్నాను. 60,000 ఎఫ్‌డీ ఉంది, దాన్ని కదపడం ఇష్టం లేదు.

జవాబు: కార్డుతో క్యాష్ తీయొద్దు. ఏటీఎంలో తీసిన డబ్బుకు, కొనుగోళ్లకు ఉన్నట్టు వడ్డీ లేని 45 రోజుల గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలకు 3.5 శాతం వడ్డీ, 2.5 శాతం ఫీజు అనుకుంటే, రెండు నెలలకు వడ్డీ 2,800, ఫీజు 1,000. జీఎస్టీ కలిపితే దాదాపు నాలుగున్నర వేలు. అదే ఎఫ్‌డీని మధ్యలో తీస్తే సాధారణంగా వడ్డీ రేటులో ఒక శాతం వరకు కోత పడుతుంది. ఏడాదిగా ఉన్న డిపాజిట్ అయితే 600 రూపాయలకు అటూ ఇటూ. ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, అదీ అడగండి. ఎఫ్‌డీని భద్రంగా దాచి కార్డు మీద అప్పు చేసేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. ఇలాంటి నెల కోసమే కదా ఆ డబ్బు దాచుకున్నది!

ఇక మెయిల్. అందులోని చిన్న వ్యాకరణ తప్పుల వల్ల ఎవరూ డబ్బు ఆపరు. మొత్తం ఎంత, ఇన్‌వాయిస్ నంబరు ఏంటి, ఏ తేదీలోపు ఇవ్వాలి అన్నవి లేకపోతే మాత్రం అకౌంట్స్ వాళ్లకు చెల్లించడానికి ఆధారమే ఉండదు. ఈరోజే ఇలా రాయండి: ‘ఫలానా తేదీన ఫైనల్ ఫైళ్లు పంపాను. ఇన్‌వాయిస్ జతచేశాను. మొత్తం 80,000, టీడీఎస్ 8,000 పోను 72,000. ఫలానా తేదీలోపు ఖాతాలో వేసి తెలియజేయండి.’ క్లయింటు కంపెనీ అయితే టీడీఎస్‌గా ఆ పది శాతం పన్ను సాధారణంగా ముందే కోసుకుంటుంది కాబట్టి మీ లెక్క 72,000తోనే వేసుకోండి. పాత మెయిల్ పారేయకండి, పని అందించిన తేదీకి అదే రుజువు. పనికి ముందే మీకు చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండి ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. తర్వాతి పని నుంచి సగం అడ్వాన్స్ తీసుకోండి.

అసలు సంగతి అత్యవసర నిధి. జీతగాళ్లకు మూడు నెలల ఖర్చు చాలంటారు, మీలాంటివాళ్లకు ఆరు నెలలదైనా ఉండాలి. మీ లెక్కలో 1,92,000. ఈ 72,000 రాగానే ముందు ఎఫ్‌డీలోంచి తీసింది తీసినట్టు తిరిగి పెట్టండి. ఆ తర్వాత వచ్చే ప్రతి పేమెంటులో నాలుగో వంతు వేరే ఖాతాకు పంపి, మిగతాదాన్నుంచి నెలకు 32,000 మాత్రమే జీతంలా తీసుకోండి. అది 1,92,000 అయ్యేదాకా కొత్త సిప్ మొదలుపెట్టకండి.