పక్కింటి ఉక్రెయిన్ ఆవిడకి ‘స్పసీబా’ అన్నాను, మాట్లాడటం మానేసింది

మేడమ్, మేం డబ్లిన్‌లో ఉంటాం. పక్క ఫ్లాట్‌లోకి ఉక్రెయిన్ నుంచి ఒకావిడ కొడుకుతో వచ్చింది. మా తమ్ముడు ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదివాడు, వాడు నేర్పిన ముక్కలతో ‘జ్ద్రాస్త్‌వుయ్‌తే’ అని పలకరించాను, కేక్ ఇస్తే ‘స్పసీబా’ అన్నాను. ముఖం మారిపోయింది, ‘ఇంగ్లిష్ ప్లీజ్’ అని తలుపేసుకుంది. వారం నుంచి లిఫ్ట్‌లో కనబడినా తల తిప్పేసుకుంటోంది. మా ఆయన వదిలేయమంటారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం తప్పు చేశాను?

మీరన్న రెండు మాటలూ రష్యన్. అంతే జరిగింది. మీ తమ్ముణ్ణి తిట్టకండి, వాడు చదివే రోజుల్లో ఖార్కివ్ బజార్లో, బస్సుల్లో ఎక్కువగా వినిపించింది రష్యనే. మన పిల్లలు క్లాసులో ఇంగ్లిషు, బయట ఆ నాలుగు ముక్కలు పట్టుకుని నెట్టుకొచ్చారు.

ఆవిడకి కూడా రష్యన్ వచ్చే ఉంటుంది, చిన్నప్పుడు ఇంట్లో అదే మాట్లాడిందేమో కూడా. మరెందుకు నొచ్చుకుంది? 1863లో రష్యా హోంమంత్రి వాలుయేవ్ ఒక సర్క్యులర్ పంపాడు, ఉక్రేనియన్ అనే వేరే భాష ఎప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు, ఉండబోదు అని అందులో ఉంది. 1876లో జార్ రెండో అలెగ్జాండర్ ఇంకో అడుగు వేసి ఆ భాషలో పుస్తకాల అచ్చును దాదాపు ఆపేశాడు, బయటి దేశాల నుంచి తెప్పించుకోవడం కూడా కుదరదన్నాడు. సోవియట్ కాలంలోనూ పెద్ద ఉద్యోగానికి, పట్నం దర్జాకి రష్యనే. 2022 ఫిబ్రవరి 24న పూర్తి స్థాయి దాడి మొదలయ్యాక, పుట్టినప్పటి నుంచి రష్యన్ మాట్లాడినవాళ్లు కూడా చాలామంది పట్టుబట్టి ఉక్రేనియన్‌కి మారారు. మనల్ని చూసి ఎవరైనా ‘ఇండియనా, కైసే హో’ అంటే మనకి కాస్త చిరాకు, అంతే, కానీ ఆవిడకి ఆ భాషతో పాటే ఇంటి మీద బాంబులు కూడా గుర్తొస్తాయి కదా, రెండూ ఒకటి కావు.

ఇప్పుడు దిద్దుకోవడం ఎలా అంటే, ఒక్క పలకరింపు చాలు, ‘దోబ్రియ్ దెన్’. నమస్కారం లాంటిది, పగలు ఎప్పుడైనా అనొచ్చు. సాయంత్రమైతే ‘దోబ్రియ్ వేచిర్’. ‘స్పసీబా’ స్థానంలో ‘ద్యాకుయు’, మొదటి అక్షరం మీద ఒత్తి. దయచేసి అనడానికి, ఎవరైనా థాంక్స్ చెబితే పర్లేదనడానికి కూడా ‘బూద్ లాస్కా’. వెళ్లొస్తానంటే ‘దొ పొబాచెన్న్యా’. ‘ప్రివీత్’ అనేది హాయ్ లాంటిది, కాస్త దగ్గరయ్యాక. ‘యాక్ స్ప్రావి’ అంటే ఎలా ఉన్నారు అని, దాన్ని మాత్రం ఇప్పుడే వాడకండి, ఆవిడ నిజంగా చెప్పడం మొదలుపెడితే అర్థం చేసుకునేంత ఉక్రేనియన్ మీకు రాదు.

ఉచ్చారణ గురించి భయం వద్దు, ఇక్కడ మనకి కాస్త కలిసొచ్చింది. వాళ్ల త, ద మన త, ద లాగే పళ్లకి తగులుతాయి, ఇంగ్లిషు వాళ్లలా ట, డ అనక్కర్లేదు. ‘ఒ’ని ఎక్కడున్నా ఒ అనే పలకండి, రష్యన్‌లో ఒత్తి పలకని చోట అది అ అయిపోతుంది, ‘స్పసీబొ’ అని రాసి ‘స్పసీబా’ అన్నట్టు. రష్యన్‌లో గ పలికే అక్షరం ఉక్రేనియన్‌లో హ. అందుకే పొద్దున్నే చెప్పేది ‘దోబ్రొహొ రాన్కు’, గ పెట్టారా, వినేవాళ్లకి మళ్లీ రష్యన్ గుర్తొస్తుంది. ఊళ్ల పేర్లూ అంతే, మీరు ఖార్కివ్ అనే రాశారు, మంచిది, రష్యన్‌లో అది ఖార్కొవ్.

పేరు పెట్టి పిలిచేటప్పుడు మనం రాముడిని ‘రాముడా’ అన్నట్టే వాళ్లకీ సంబోధన రూపం ఉంది. ఆవిడ పేరు ఒలెనా అనుకోండి, పిలిస్తే ‘ఒలెనో’, గౌరవంగా ‘పాని ఒలెనో’. ఈ ‘పాని’ మన గారు లాంటిది, పేరుకి ముందొస్తుంది (హిందీ నీళ్లు కాదు).

ఈసారి లిఫ్ట్‌లో కనబడితే ‘దోబ్రియ్ దెన్’ అనండి, వెంటనే ‘విబచ్తె’ అంటే క్షమించండి, మిగతాది ఇంగ్లిషులోనే: మొన్న తెలియక రష్యన్‌లో మాట్లాడాను, మా తమ్ముడు ఖార్కివ్‌లో చదివాడు, అక్కడ విన్నవి. ఇంతే చెప్పండి. యుద్ధం గురించి, వాళ్లాయన ఎక్కడున్నారని అడగొద్దు, ఆవిడే చెబితే వినండి. కేక్ పెట్టి ఇచ్చిన డబ్బా మీ దగ్గరే ఉంటే ఖాళీగా ఇవ్వకండి, ఇది మీకు నేను చెప్పాలా.

ఒకవేళ ఆవిడే కొడుకుతో రష్యన్‌లో మాట్లాడుతూ కనబడితే ఆశ్చర్యపోకండి, ‘మరి నేనంటే తప్పా’ అని అస్సలు అనకండి. ఇంట్లో ఏ భాష అనేది ఆవిడ ఇష్టం. మీతో రష్యన్‌లో మొదలుపెడితే అప్పుడు మీ తమ్ముడి ముక్కలు బయటికి తీయండి, అంతవరకు ‘ద్యాకుయు’.