36 నిమిషాల్లో అంతర్జాతీయ న్యాయ సమస్య: అడిషనల్ షీట్లతో తేలని లెక్క

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సులో నాలుగో ఏడాది చదువుతోంది. కేసులన్నీ కంఠతా చెబుతుంది, మూట్ కోర్టు పోటీలకు కూడా వెళ్లింది. అయినా అంతర్జాతీయ న్యాయం పేపర్లో ప్రాబ్లమ్ ప్రశ్నకు ఇరవైకి ఏడో ఎనిమిదో వస్తున్నాయి. అడిషనల్ షీట్లు కూడా బాగానే తీసుకుంటుంది. ఆ ప్రశ్న వదిలేసి వ్యాస ప్రశ్న రాయమనడం మంచిదా? పరిస్థితి ఇలా ఉంటే విదేశంలో ఎల్‌ఎల్‌ఎం మీద అంత డబ్బు పెట్టవచ్చా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఈ రంగం అమ్మాయికి సరిపడదేమోనన్న భయమే మీ చేత ఈ ఉత్తరం రాయించిందని నాకు అర్థమవుతోంది. ఆ భయం అక్కర్లేదు. కేసులన్నీ గుర్తున్న విద్యార్థికి ఇరవైకి ఏడు వస్తున్నాయంటే, చదువు చేరవలసిన చోటికి చేరిందనీ, అది కాగితం మీదికి దిగే దారిలోనే ఎక్కడో అడ్డు పడుతోందనీ అనుకోవాలి. ఆ అడ్డు కొంతవరకు మీ ఇంట్లోనే ఉందని చెబితే మీకు కోపం రావచ్చు. పరీక్ష రాసి వచ్చిన పిల్లను ఎన్ని అడిషనల్స్ తీసుకున్నావని అడిగే తండ్రి, తెలిసిందంతా కుమ్మరించమని ఆమెకు నేర్పుతున్నట్టే. ప్రాబ్లమ్ ప్రశ్న దిద్దేవారికి ఆ పేజీలతో పని లేదు. అంతర్జాతీయ న్యాయం నిర్వచనం, అంతర్జాతీయ న్యాయస్థాన శాసనం 38వ అధికరణంలోని న్యాయ మూలాలు, నికరాగువా యుద్ధ చరిత్ర అన్నీ దాటి జవాబు మొదలయ్యేది నాలుగో పేజీలోనైతే, మార్కులు కూడా అక్కడి నుంచే మొదలవుతాయి.

వ్యాస ప్రశ్నతో పోలిక అడిగారు కనుక అది క్లుప్తంగా చెబుతాను. వ్యాసానికి సగం పైన మార్కులు సులువుగా వస్తాయి, ఆ పైన ఒక్కొక్క మార్కూ కష్టమవుతుంది. ప్రాబ్లమ్‌లో పట్టుకున్న ప్రతి అంశానికీ విడిగా మార్కులుంటాయి. పట్టుకోవడం నేర్చుకున్నవారికి రెండోదే లాభం కాబట్టి వదిలేయమని నేను చెప్పను. ఎలా పట్టుకోవాలో ఒక సమస్య తీసుకుని చూద్దాం. ఇది నేను కల్పించినదే అయినా, పరీక్షల్లో తరచుగా కనబడే కోవలోది.

మార్చి 1న మేరు దేశ రాజధానిలోని అరణ్య దేశ రాయబార కార్యాలయం ముందు ‘నవోదయ దళం’ అనే సంస్థ ప్రదర్శన జరుపుతుంది. రాయబారి పదే పదే ఫోన్ చేసి సహాయం కోరినా, గేటు దగ్గరి పోలీసులు వెళ్లిపోతారు. దళం లోపలికి చొరబడి సిబ్బందిని నిర్బంధిస్తుంది. రెండేళ్లుగా ఆ దళానికి మేరు హోం శాఖ నిధులు, శిక్షణ ఇస్తోంది. మార్చి 4న మేరు ప్రధాని టీవీలో మాట్లాడుతూ, దళం చేసినది సరైన పనేననీ, మా షరతులు ఒప్పుకునే దాకా సిబ్బందిని వదిలేది లేదనీ ప్రకటిస్తాడు. అరణ్య రాయబారి గూఢచర్యం చేశాడన్నది మేరు ఆరోపణ. మార్చి 6న అరణ్య తన రాజధానిలోని మేరు రాయబార కార్యాలయాన్ని సోదా చేసి పత్రాలు స్వాధీనం చేసుకుంటుంది. రెండు దేశాలూ 1961 నాటి దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందంలోను, వివాద పరిష్కారానికి సంబంధించిన దాని ఐచ్ఛిక ప్రోటోకాల్‌లోను భాగస్వాములు. అరణ్యకు సలహా ఇవ్వండి.

మూడు గంటల్లో ఇరవై మార్కుల ప్రశ్నలు ఐదు రాయాలంటే ఒక్కొక్క దానికి 36 నిమిషాలు దొరుకుతాయి. అందులో మొదటి ఎనిమిది నిమిషాలు జవాబు మొదలుపెట్టకుండా, ప్రశ్నలోని తేదీలను వరుసగా రఫ్ పేజీలో రాసుకుని, ఒక్కొక్క తేదీ ఎదురుగా ఎవరు ఏం చేశారు, ఏ బాధ్యత తప్పారు, దానికి అవతలి పక్షం ఏమంటుంది అన్న మూడు సంగతులు మూడేసి మాటల్లో వేసుకోవాలి. తేదీలే ఎందుకంటే, ప్రశ్న తయారుచేసినవారు మార్చి 1ని, మార్చి 4ని ఊరికే విడదీయలేదు. 1979 నవంబరు 4న టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయం ఆక్రమణకు గురైన కేసులో, అంతర్జాతీయ న్యాయస్థానం 1980 తీర్పులో సంఘటనలను, ఆక్రమణ ఒకటిగా, ఆ తర్వాత ప్రభుత్వ ఆమోదంతో సాగిన నిర్బంధం మరొకటిగా, రెండు దశలుగా విడదీసింది. రెండు దశలనూ కలిపేసి, ‘మేరు అరణ్య రాయబార కార్యాలయాన్ని ఆక్రమించింది కాబట్టి బాధ్యురాలు’ అని రాసిన విద్యార్థికి, ఆ కేసు పేరు తెలిసినా దక్కేది కొద్ది మార్కులే.

మొదటి దశలో తేలవలసిన అంశం, దళం చేసిన పనిని మేరుకు ఆపాదించవచ్చా అన్నది. రాజ్య బాధ్యతపై అంతర్జాతీయ లా కమిషన్ 2001లో రూపొందించిన అధికరణాల్లో ఎనిమిదోది ఇక్కడ వర్తిస్తుంది. ఆ పని రాజ్యం ఆదేశాల మీదో, నిర్దేశంలోనో, నియంత్రణలోనో జరిగి ఉండాలని దాని సారాంశం. సాధారణంగా కనబడే జవాబు ఇలా ఉంటుంది: ‘నికరాగువా కేసులో అమెరికా కాంట్రాలకు డబ్బు, శిక్షణ ఇచ్చింది. ఎఫెక్టివ్ కంట్రోల్ ఉండాలని కోర్టు చెప్పింది. మేరు కూడా డబ్బు, శిక్షణ ఇచ్చింది కాబట్టి బాధ్యత వహించాలి.’ మూడు వాక్యాల్లో మొదటి రెండూ సరైనవే. మూడోది వాటికి నేరుగా విరుద్ధం, ఎందుకంటే 1986 తీర్పులో న్యాయస్థానం ఆ సహాయం అంతా ఉన్నా, కాంట్రాలనే ఆ తిరుగుబాటుదారుల చర్యలను అమెరికాకు ఆపాదించడానికి అది చాలదని చెప్పింది. కంఠతా పట్టిన కేసు దిద్దేవారి ముందు ఎదురు తిరగడం అంటే ఇదే.

అదే అంశాన్ని మీ అమ్మాయి ఇలా రాయవచ్చు: ‘హోం శాఖ నిధులు, శిక్షణ ఇచ్చిందని తెలుస్తోంది గాని, మార్చి 1 నాటి చొరబాటును ఆ శాఖ ఆదేశించినట్టు గాని, నడిపించినట్టు గాని ప్రశ్నలో ఆధారం లేదు. నికరాగువా తీర్పు కోరిన ఎఫెక్టివ్ కంట్రోల్ ఆ నిర్దిష్ట చర్య మీద ఉండాలి కనుక, మొదటి రోజు ఆక్రమణను మేరుకు ఆపాదించడం కష్టం. 1999లో యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్ టాడిచ్ కేసులో చెప్పిన ఓవరాల్ కంట్రోల్ పరీక్షకు కూడా డబ్బు, శిక్షణ చాలవు, ప్రణాళికలోనో సమన్వయంలోనో పాత్ర చూపాలి. పైగా రాజ్య బాధ్యత విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 2007 బోస్నియా తీర్పులో నికరాగువా పరీక్షకే కట్టుబడింది.’ ఇందులో కేసుల కథలు లేవు. ప్రతి వాక్యమూ ప్రశ్నలోని ఏదో ఒక సంగతిని తాకుతోంది. ఆధారం లేదని చెప్పడం కూడా అన్వయమేనని చాలామంది విద్యార్థులకు ఎవరూ చెప్పరు.

ఆపాదన కుదరలేదు కనుక మేరు తప్పించుకుందని ఇక్కడే ఆగిపోయేవారు మరికొందరు. పోలీసుల సంగతి పూర్తిగా వేరే అంశం. పోలీసులు రాజ్య యంత్రాంగంలో భాగమే కాబట్టి కమిషన్ అధికరణాల్లో నాలుగోదాని ప్రకారం వారి పని మేరు పనే, అందులో సందేహం లేదు. వియన్నా ఒప్పందం 22వ అధికరణం రాయబార కార్యాలయాన్ని చొరబాటు నుంచి కాపాడే ప్రత్యేక బాధ్యతను ఆతిథ్య దేశం మీద పెడుతుంది. ఫోన్లు వచ్చాక కూడా వెళ్లిపోయారన్న సంగతి, ప్రమాదం మేరుకు తెలుసని చూపించడానికే ప్రశ్నలో ఉంది. నాలుగైదు వాక్యాలు చాలు. చట్టం స్పష్టంగా ఉన్నచోట తక్కువ, వాదనకు చోటున్న దగ్గర ఎక్కువ రాయడం తెలిస్తే 25 నిమిషాల రచనా సమయం సరిపోతుంది. తెలియనివారికి చివరి రెండు అంశాలు రాయకుండానే గంట మోగుతుంది.

మార్చి 4 నాటి ప్రకటనతో కమిషన్ అధికరణాల్లో పదకొండోది వస్తుంది. కేవలం మెచ్చుకోవడం చాలదు, ఆ చర్యను రాజ్యం తనదిగా స్వీకరించాలి. ప్రధాని మాటల్లో మొదటి సగం మెచ్చుకోలు మాత్రమే. ‘షరతులు ఒప్పుకునే దాకా వదిలేది లేదు’ అన్న రెండో సగమే ఆ నిర్బంధాన్ని మేరు విధానంగా మార్చింది, టెహ్రాన్ కేసులో జరిగినట్టే. ఆ స్వీకారం మార్చి 1కి కూడా వెనక్కి వర్తిస్తుందా అన్నది వాదించదగిన విషయం. అయితే పోలీసుల వైఫల్యం వల్ల మేరు మొదటి రోజు నుంచే వేరే కారణంతో బాధ్యత మోస్తోంది కాబట్టి, ఫలితంలో పెద్ద తేడా రాదని ఒక వాక్యం రాసి ముందుకు సాగాలి. గూఢచర్యం ఆరోపణకు రెండు వాక్యాలు చాలు: వియన్నా ఒప్పందం తొమ్మిదో అధికరణం కింద ఆ రాయబారిని అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించి పంపేయవచ్చు, నిర్బంధించడానికి వీల్లేదు.

ఇక మార్చి 6. మూట్ కోర్టుల మీద నా అనుమానం చెప్పవలసింది ఇక్కడే. జెస్సప్ వంటి పోటీలంటే నాకు గౌరవం ఉంది, కాని పరీక్షకు అవే మందు అన్న ఈనాటి నమ్మకం మీద లేదు. మూట్‌లో ఒకే సమస్యను నెలల తరబడి లైబ్రరీలో కూర్చుని తవ్వి, ఒక పక్షం తరఫున మెమోరియల్ అనే లిఖిత వాదన రాస్తారు. తమ పక్షపు బలహీనతను ఎంత తక్కువగా కనబడనిస్తే అంత నేర్పు. పరీక్షలో ‘అరణ్యకు సలహా ఇవ్వండి’ అంటే అరణ్య తరఫున వాదించమని కాదు, అరణ్య తప్పుంటే అరణ్యకే చెప్పమని. మూట్ అలవాటుతో వచ్చిన విద్యార్థి ఈ సోదాను ప్రతిచర్యగా సమర్థించేస్తాడు, లేదా ప్రస్తావించకుండా దాటేస్తాడు. నిజానికి కమిషన్ అధికరణాల్లో 50వ దాని ప్రకారం ప్రతిచర్య పేరుతో కూడా దౌత్య కార్యాలయాల, పత్రాల అనుల్లంఘనీయతను తాకకూడదు. ఉల్లంఘన ఆపమని మేరును ముందుగా కోరి, నష్టానికి తగిన మేరకు, ఒక వాణిజ్య ఒప్పందం కింది బాధ్యతను తాత్కాలికంగా ఆపి ఉంటే అది వేరే సంగతి. పత్రాలు వెంటనే తిరిగి ఇవ్వమనడమే సరైన సలహా. మీ అమ్మాయి పాత జవాబు పత్రం దొరికితే, కక్షిదారుకు నచ్చని వాక్యం అందులో ఒక్కటైనా ఉందేమో చూడమనండి.

మిగిలిన మూడు నిమిషాలు ముగింపు సలహాకు. ఐచ్ఛిక ప్రోటోకాల్ ద్వారా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లవచ్చు, సిబ్బంది విడుదలను, నష్టపరిహారాన్ని కోరవచ్చు, సోదా విషయంలో మేరు ఎదురు క్లెయిమ్ వేసే అవకాశం ఉంది. ప్రశ్న చివరి పంక్తిలో ఒప్పందాల పేర్లు ఇచ్చింది ఈ మూడు వాక్యాల కోసమే.

ఎల్‌ఎల్‌ఎం విషయానికి వస్తే, నా సందేహం మీ అమ్మాయి సామర్థ్యం మీద కాదు. అంతర్జాతీయ న్యాయం అనే పేరు మీద ఉద్యోగాలు తక్కువ. విదేశాంగ శాఖలోని లీగల్ అండ్ ట్రీటీస్ విభాగంలో న్యాయాధికారుల పోస్టులకు యూపీఎస్సీ ద్వారా వెళ్లాలి, అవి ఎప్పుడో గాని పడవు. ఇల్లు తాకట్టు పెట్టి, మేనమామ కొడుకు అమెరికా జీతంతో పోల్చుకుంటూ ఆమెను పంపించేటట్టయితే పంపించకండి. రెండేళ్లు ఆర్బిట్రేషన్, షిప్పింగ్ వ్యవహారాలు చూసే న్యాయవాదుల దగ్గర పనిచేసి, అప్పటికీ ఆసక్తి నిలిస్తే స్కాలర్‌షిప్పుతో వెళ్లడం మేలని నా అభిప్రాయం. ఈ పేపర్ మార్కులకూ ఆ నిర్ణయానికీ ముడి పెట్టకండి.

ప్రస్తుతానికి వారానికి ఒక పాత ప్రశ్న తీసుకుని, ఎనిమిది నిమిషాల రఫ్ పేజీ మాత్రమే తయారుచేయమనండి, పూర్తి జవాబు అక్కర్లేదు. తర్వాత ప్రశ్నను మళ్లీ చదివి, రఫ్ పేజీలోకి ఎక్కని సంగతుల కింద గీత గీసుకోవాలి. ఆ గీతలు తగ్గాక గడియారం పెట్టుకుని 36 నిమిషాల జవాబు రాయడం మొదలుపెట్టాలి.