గొంతు నొప్పితో మెడ పక్కన బిళ్లలు

గొంతు నొప్పి వచ్చాక దవడ కింద బిళ్లలు కట్టాయి, ముట్టుకుంటే నొప్పి. డాక్టర్‌కి చూపించాలా?

చాలావరకు అక్కర్లేదు, గొంతు తగ్గాక రెండు మూడు వారాల్లో అవే కరిగిపోతాయి. ఇవి లింఫ్ గ్రంథులు. గొంతులోని క్రిములతో పోరాడే కణాలు వాటిలో ఒక్కసారిగా పెరిగేసరికి గ్రంథి ఉబ్బి, దాని పైపొర సాగి నొప్పెడుతుంది. టాన్సిల్స్ వాచినప్పుడు చూడండి, దవడ మూల కింద శనగగింజంత బిళ్ల వేలికి తగులుతుంది, నొక్కితే అటూఇటూ జారుతుంది.

నొప్పి ఉంటేనే ప్రమాదమని చాలామంది టెన్షన్ పడతారు. నిజానికి నొప్పి లేకుండా, గట్టిగా, కదలకుండా పెరిగే బిళ్లనే ఎక్కువ అనుమానించాలి. అలాంటిదైనా, మూడు వారాలు దాటినా తగ్గనిదైనా తప్పక చూపించండి; మన దగ్గర టీబీ కూడా ఇలా మెడలో బిళ్లగా బయటపడుతుంది. ఉమ్మి మింగలేకపోతే, నోరు తెరవలేకపోతే అదే రోజు వెళ్లాలి. ఊపిరి అందకపోతే వెంటనే ఎమర్జెన్సీకే.