ప్రభల తీర్థం క్లిప్పులు: టీజర్ కోత

"జగ్గన్నతోట తీర్థం క్లిప్పులతో 30 సెకన్ల టీజర్ చేస్తే, పెద్ద వీడియోనే గబగబా తిప్పినట్టుందండి. ఏం చేయాలి?"

ముందు పెద్ద వీడియో పూర్తిచేసి, ఆ టైమ్‌లైన్‌కి కాపీ తీసి అందులోనే టీజర్ కోయండి. అసలుది ముట్టుకోవద్దు. అన్ని షాట్లూ ఉంచి ఒక్కోదాన్నీ కుదిస్తే ఆ గాభరా తప్పదు. షాట్లకు షాట్లే తీసేయాలండి. రెండేసి సెకన్లవి 12, ఆరు సెకన్లది ఒకటి ఉంచితే చాలు.

ఆ పొడుగు షాట్ ప్రభ కౌశికలోకి దిగేదే అయ్యుండాలి. మోసేవాళ్ల భుజాలు నీళ్లకు దగ్గరవుతుంటే పైన ప్రభ ఊగుతుంది చూడండి, అక్కడ పాట ఆపేసి "శరభ శరభ" కేకలు మాత్రమే వినిపించండి. ప్రభ అవతలి గట్టెక్కకముందే కోసేయండి. గట్టెక్కడం పెద్ద వీడియోలో ఒక్క కోత లేకుండా, మొత్తం ఉండాలి.